కిరాణా కొట్టుకు లెక్క రాసిపెట్టే వ్యాపారం: మొదలు కొనుగోలు బిల్లు దగ్గరే

సాయంత్రం ఏడు గంటల వేళ రద్దీగా ఉండే కిరాణా కొట్టు ముందు పది నిమిషాలు నిలబడితే చాలు, చిన్న దుకాణాలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మబోయినవాళ్లు ఎందుకు ఉత్త చేతులతో తిరిగొస్తారో అర్థమవుతుంది. కొట్టాయన ఒక చేత్తో పావుకిలో కందిపప్పు తూస్తుంటాడు, ఇంకో చేత్తో చిల్లర ఇస్తుంటాడు. మధ్యలో "రెండు పాల ప్యాకెట్లు, అమ్మ రాసుకోమంది" అని చెప్పి పరుగెత్తే పిల్లాడికి తలూపుతుంటాడు. ఆ మనిషి ప్రతి పది రూపాయల అమ్మకానికీ సరుకు పేరు వెతికి, నొక్కి, బిల్లు తీయడు. తీయలేడు కూడా. అలా తీస్తూ కూర్చుంటే వరుసలో నాలుగో మనిషి పక్క కొట్టుకు పోతాడు.

అయినా చిన్న దుకాణాలకు లెక్కల సాయం చేసే పనిని ఉపాధిగా ఎంచుకున్న చాలామంది మొదలుపెట్టేది సరిగ్గా ఈ కౌంటర్ దగ్గరే. ఒక యాప్ ఎక్కిస్తారు, చిన్న థర్మల్ ప్రింటర్ పెడతారు, రెండు రోజులు నేర్పుతారు, డబ్బు తీసుకుని వెళ్లిపోతారు. నెల తిరిగేసరికి ప్రింటర్ మీద గుడ్డ కప్పి ఉంటుంది. తప్పు కొట్టాయనది కాదు. పని మొదలుపెట్టిన చోటు తప్పు.

దుకాణంలో లెక్కకు రెండు ద్వారాలున్నాయి. సరుకు బయటికి పోయే ద్వారం ఒకటి, లోపలికి వచ్చే ద్వారం ఇంకొకటి. రోజుకు 14 వేల అమ్మకం ఉన్న కొట్టులో బయటికి పోయే లావాదేవీలు రెండు మూడు వందలు ఉంటాయి, చాలావరకు యాభై రూపాయల లోపువి. లోపలికి వచ్చేవి మాత్రం నెలకు అరవై బిల్లులకు మించవు. వాటి మీద సరుకు పేరు, సంఖ్య, ధర, ఎమ్మార్పీ, పన్ను రేటు అన్నీ అచ్చువేసి ఉంటాయి. వాటిని ఎక్కించేటప్పుడు ఎదురుగా ఎవరూ వేచి ఉండరు. ఈ అరవై బిల్లులను బయటి మనిషి వారానికొకసారి వచ్చి ఎక్కించి, అరలు లెక్కపెట్టి వెళితే దుకాణం లెక్కలో ముప్పాతిక భాగం కొట్టాయన చేయి కదపకుండానే తయారవుతుంది. నెలనెలా డబ్బు వచ్చే పని ఇదే. యాప్ అమ్మకం ఒక్కసారి జరిగేది, అది కూడా ఇప్పుడు చాలా యాప్‌లు మొదటి మెట్టు ఉచితంగానే ఇస్తున్నాయి.

క్యూఆర్ కోడ్ పెట్టించడం మీద కూడా ఇలాంటి భ్రమే ఉంది. 2020 జనవరి నుంచి బ్యాంకు ఖాతాలోంచి చేసే యూపీఐ చెల్లింపుల మీద వ్యాపారి కట్టాల్సిన రుసుము లేదు. కంపెనీల మనుషులు వచ్చి స్టిక్కర్లు ఊరికే అంటించి వెళ్తున్నారు. ఊరికే దొరికేదాన్ని పెట్టించినందుకు ఎవరూ డబ్బివ్వరు. స్టిక్కర్ అంటించిన తర్వాత పుట్టే చిక్కులను విప్పినందుకు మాత్రం ఇస్తారు. దాని సంగతి తర్వాత చూద్దాం.

మొదటి లెక్క, ఒక నెల లెక్క

ఒక ఉదాహరణ తీసుకుందాం. తెలంగాణలో ఒక మండల కేంద్రం, బస్టాండ్ వెనక వీధి, భార్యాభర్తలు నడిపే కిరాణం. నెలకు దాదాపు 4 లక్షల అమ్మకం. ఉద్దెర ఇచ్చే ఇళ్లు నలభై దాకా ఉన్నాయి. బిల్లులన్నీ గోడ మేకుకు గుచ్చి ఉంటాయి.

మొదటి పని మొత్తం సరుకు ఒకసారి లెక్కపెట్టడం. దీనికి ఇద్దరు మనుషులు, రెండు మధ్యాహ్నాలు కావాలి. ఒకరు చదువుతారు, ఒకరు రాస్తారు. పై అర నుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి, ఒక అర పూర్తయ్యాక దాని మీద చాక్‌పీసుతో గుర్తు పెట్టి ముందుకు పోవాలి. సరుకు వారీగా వెతుకుతూ పోతే ఒకే బిస్కెట్ కౌంటర్ మీద, వెనక గదిలో, మంచం కింద మూడు చోట్ల దొరికి లెక్క తప్పుతుంది. రాసేది కొన్న ధరకే. ఎమ్మార్పీకి రాస్తే ఇంకా రాని లాభం కూడా సరుకు విలువలో కలిసిపోతుంది.

అలా లెక్కిస్తే నెల మొదట సరుకు విలువ 3,60,000 వచ్చిందనుకుందాం. నెలలో వచ్చిన కొనుగోలు బిల్లులన్నీ కలిపితే 3,52,000. నెల చివర మళ్లీ లెక్కిస్తే మిగిలిన సరుకు 3,40,000. మొదటి రెండూ కలిపి మూడోది తీసేస్తే 3,72,000. కొట్టు నుంచి బయటికి పోయిన సరుకు కొన్న ధర అది. బిల్లుల మీద కొన్న ధరనూ కొట్టులో అమ్మే ధరనూ పోల్చితే సగటు లాభం అమ్మకంలో 11 శాతం తేలింది. కాబట్టి 3,72,000ను 0.89తో భాగిస్తే రావలసిన అమ్మకం దాదాపు 4,18,000.

ఇప్పుడు వచ్చిన డబ్బు చూద్దాం. యూపీఐలో 1,86,000. గల్లా పెట్టెలో లెక్కకు దొరికిన నగదు, సేల్స్‌మన్‌లకు అందులోంచి ఇచ్చింది కూడా కలిపి, 1,74,000. ఉద్దెర పుస్తకంలో నెలలో పెరిగిన బాకీ 21,000. మొత్తం 3,81,000. రావలసినదానికీ కనిపించినదానికీ మధ్య తేడా 37,000.

ఈ అంకె చూడగానే కొట్టాయన ముఖం మారిపోతుంది. ముందు పనికుర్రాడి మీద అనుమానం వస్తుంది. ఈ వృత్తిలో ఉన్నవాడు నోరు జాగ్రత్తగా పెట్టుకోవలసిన క్షణం ఇది. తేడా అంటే దొంగతనం కాదు, లెక్కకు ఎక్కనిది అని మాత్రమే అర్థం. కూర్చుని అడుగుతూ పోతే ఒక్కొక్కటే బయటపడుతుంది. ఇంటి వంటకు కొట్టులోంచి తీసుకున్న నూనె, బియ్యం, సబ్బులు 12,000. పిల్ల ఫీజుకు, చిట్టీకి గల్లాలోంచి తీసి రాయనిది 15,000. డేట్ అయిపోయి పారేసిన, ఎలుకలు కొట్టిన సరుకు 4,000. మిగిలిన 6,000 పాత ధరకే అమ్మేసిన ప్యాకెట్లు, బస్తా విప్పి చిన్న పొట్లాలు కట్టినప్పుడు పోయే తరుగు. నాలుగూ కలిపితే 37,000.

ఇందులో ఇంటివాడకం, ఇంటి ఖర్చు నష్టాలు కావు, కుటుంబం తిన్నదే. కానీ "కొట్టు నడుస్తోంది, చేతిలో డబ్బు ఆడట్లేదు" అని ఏళ్ల తరబడి బాధపడే దంపతులకు ఆ 27,000 ఎక్కడికి పోతోందో మొదటిసారి కాగితం మీద కనిపిస్తుంది. చివరి రెండు పద్దులు కలిపి 10,000, అవి నిజంగా ఆపగలిగిన నష్టం. నెలకు వెయ్యిన్నర రుసుము అడిగేటప్పుడు చూపించవలసిన కాగితం ఇదే.

పద్ధతి పరిమితి కూడా చెప్పాలి. అమ్మకం బిల్లులు లేకుండా చేసే ఈ లెక్క కొట్టు మొత్తానికి తేడా చెబుతుంది గానీ ఏ సరుకు దగ్గర పోయిందో చెప్పదు. సగటు లాభం ఒక శాతం తప్పుగా పట్టుకుంటే నాలుగైదు వేలు అటూ ఇటూ అవుతాయి. అందుకే ఖరీదైనవి, చేతివాటానికి అనువైనవి ఓ ఇరవై సరుకులు ఎంచుకుని (నెయ్యి, వంటనూనె, పిల్లల పాలపొడి, సిగరెట్లు) వాటిని మాత్రం వారం వారం ముక్క ముక్కగా లెక్కించాలి. మిగతా అరలను వంతులవారీగా వారానికి పావు వంతు చొప్పున చూస్తే సరిపోతుంది.

లెక్క ఎక్కడ చెడుతుంది

రెండో నెలలో దాదాపు ప్రతి కొట్టులోనూ కనిపించే వింత ఒకటుంది. బిల్లు కొట్టిన అమ్మకాలు తీసేశాక తెర మీద ఒక సబ్బు నిల్వ మైనస్ 14 అని చూపిస్తుంది, అరలో చూస్తే ఇరవై సబ్బులు ఉంటాయి. కారణం దాదాపు ఎప్పుడూ మూడింట్లో ఒకటే.

మొదటిది కొలత. పెట్టెల్లో కొని ముక్కల్లో అమ్ముతారు. బిల్లులో 2 అని ఉంటే అది రెండు పెట్టెలా, రెండు సబ్బులా చూడకుండా ఎక్కిస్తే అక్కడే లెక్క కుప్పకూలుతుంది. సరుకు పేరు మొదటిసారి రాసేటప్పుడే పెట్టెలో ఎన్ని ముక్కలో కట్టివేయాలి. రెండోది స్కీం సరుకు. డజను కొంటే ఒకటి ఊరికే అని కంపెనీ ఇస్తుంది. బిల్లులో ఆ పదమూడోది సున్నా ధరతో కింద వరుసలో ఉంటుంది లేదా అసలు ఉండదు, సేల్స్‌మన్ చేతికిచ్చి పోతాడు. దాన్ని ఎక్కించకపోతే నిల్వ తప్పుతుంది, పైగా ఒక్కో ముక్క అసలు ధర ఎంతో కూడా తప్పుతుంది. 12 ముక్కలు 240కి వస్తే ముక్క 20. 13 అయితే 18 రూపాయల 46 పైసలు. లాభం లెక్క మొత్తం ఈ పైసల మీదే నిలబడి ఉంది.

మూడోది పేర్లు. ఒకే సబ్బు ఒక బిల్లులో కంపెనీ పొట్టి పేరుతో, ఇంకో బిల్లులో పొడుగు పేరుతో వస్తుంది. ఎక్కించేవాడు రెండుగా సృష్టిస్తాడు. ఒకటి మైనస్‌లోకి పోతుంది, ఇంకోటి ఎప్పటికీ అమ్ముడుపోనట్టు కూర్చుంటుంది. ప్యాకెట్ మీద బార్‌కోడ్ కింద ఉండే 13 అంకెల సంఖ్యనే సరుకు గుర్తుగా పెట్టుకుంటే ఈ తిప్పలు చాలావరకు తప్పుతాయి. కొట్టాయన బార్‌కోడ్ స్కానర్ వాడకపోయినా ఫర్వాలేదు, లెక్క రాసే మనిషి ఫోన్ కెమెరాతో వాడితే చాలు.

దీనికి తోడు 2025 సెప్టెంబరు 22న వచ్చిన జీఎస్టీ రేట్ల మార్పు. 12, 28 శాతాల శ్లాబులు చాలావరకు పోయాయి. స్నానపు సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్ట్, బిస్కెట్లు 18 నుంచి 5 శాతానికి దిగాయి. బట్టలు ఉతికే పౌడర్ మాత్రం 18లోనే ఉండిపోయింది. ఆ వారం ఒకే అరలో ఒకే సబ్బు రెండు ఎమ్మార్పీలతో ఉంది. పాత ధరకు కొన్న ముక్కలు ఎన్ని మిగిలాయో కాగితం మీద ఉన్న కొట్టాయన డిస్ట్రిబ్యూటర్‌ను తేడా అడగగలిగే స్థితిలో ఉంటాడు. లేనివాడికి అడగడానికి అంకె ఉండదు. డేట్ అయిపోయిన సరుకు విషయంలోనూ ఇదే న్యాయం. చాలా కంపెనీల సేల్స్‌మన్‌లు డ్యామేజీ, డేట్ సరుకు వెనక్కి తీసుకుంటారు, కానీ గడువులోపు అడిగితేనే, వాళ్లు ఇచ్చిన సరుకేనని బిల్లు చూపిస్తేనే. అందుకే అర లెక్కపెట్టేటప్పుడు సంఖ్యతో పాటు రాబోయే రెండు నెలల్లో గడువు ముగిసే ప్యాకెట్లను విడిగా రాసి, సేల్స్‌మన్ వచ్చే వారం పేరు పక్కన పెట్టి, కొట్టాయన చేతికి చిన్న చీటీ ఇవ్వాలి. ఆ చీటీ గల్లా పక్కన అంటించి ఉంటుంది. రంగురంగుల నివేదికలకంటే అదే ఎక్కువ పనికొస్తుంది.

జీఎస్టీ దగ్గర ఈ లెక్కకు ఉన్న అసలు విలువ

సరుకులు అమ్మేవాళ్లకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి అయ్యే హద్దు రెండు తెలుగు రాష్ట్రాల్లో ఒకటి కాదు. ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. 2019లో హద్దు పెంచినప్పుడు తెలంగాణ పాత 20 లక్షలకే ఉండిపోయింది. విజయవాడలో చదివిన సలహాను సూర్యాపేటలో పాటించిన కొట్టాయన ఇక్కడే చిక్కుకుంటాడు. ఇంకో మెలిక, హద్దు లెక్కకు పన్ను లేని సరుకుల అమ్మకం కూడా కలుస్తుంది. విడి బియ్యం, విడి పప్పులు, పాలు, గుడ్లు, కూరగాయలు అమ్మిన డబ్బు కూడా ఆ 20 లక్షల్లోకే వస్తుంది. (పూర్తిగా పన్ను లేని సరుకులే అమ్మేవాళ్లకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, అది వేరే సంగతి.)

2025 జులైలో కర్ణాటకలో జరిగింది ఈ మెలిక వల్లే అంత గొడవైంది. అక్కడి వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ వసూళ్ల వివరాలు తెప్పించుకుని వేలాది చిన్న వ్యాపారులకు నోటీసులు పంపింది. హావేరిలో ఒక కూరగాయల వ్యాపారికి నాలుగేళ్లలో 1.63 కోట్ల లావాదేవీలు చూపిస్తూ 29 లక్షలు కట్టమని నోటీసు వచ్చింది. తాజా కూరగాయల మీద జీఎస్టీయే లేదు. బెంగళూరులో కొట్ల ముందు "యూపీఐ లేదు, నగదు మాత్రమే" అని బోర్డులు వెలిశాయి. చివరకు పాత బకాయిల కోసం వెంటపడబోమని ప్రభుత్వం చెప్పాల్సి వచ్చింది. బ్యాంకు పద్దులో 500 వచ్చిందని ఉంటుంది గానీ అది బెండకాయలకా, బిస్కెట్లకా, తమ్ముడు తీర్చిన చేబదులా అని ఉండదు. ఆ ఖాళీని పూడ్చేది దుకాణం సొంత లెక్క ఒక్కటే.

మన ఉదాహరణ కొట్టుకు తిరిగి వద్దాం. ఏడాది అమ్మకం దాదాపు 48 లక్షలు, తెలంగాణలో ఉంది కాబట్టి రిజిస్ట్రేషన్ తప్పదు. ఇలాంటి కొట్లకు అనువైనది కాంపోజిషన్ పద్ధతి, కోటిన్నర అమ్మకం దాకా తీసుకోవచ్చు. సరుకు కొని అమ్మే వ్యాపారికి అందులో పన్ను 1 శాతం, అది కూడా పన్ను పడే సరుకుల అమ్మకం మీద మాత్రమే. ఈ చివరి మాట చాలా కొట్లలో ఎవరూ పట్టించుకోరు. విడిగా లెక్క లేదు కాబట్టి మొత్తం 48 లక్షల మీద 48,000 కట్టేస్తారు. పన్ను లేని సరుకుల అమ్మకం 15 లక్షలని లెక్క చూపగలిగితే మిగిలిన 33 లక్షల మీద కట్టాల్సింది 33,000. ఏడాదికి 15,000 తేడా. ఆ 15 లక్షలు తేల్చడానికి ఆధారం మళ్లీ కొనుగోలు బిల్లులే. బియ్యం, పప్పుల కొనుగోళ్లు ఒక గుంపుగా పెట్టి, ముందున్న నిల్వ కలిపి, మిగిలింది తీసేసి, లాభం చేరిస్తే అమ్మకం వస్తుంది. ఒక్క జాగ్రత్త. పేరు అచ్చువేసి సీలు చేసిన 25 కిలోల దాకా ఉండే బియ్యం సంచి మీద 5 శాతం ఉంది. బస్తా విప్పి విడిగా తూచి అమ్మినదానికి లేదు. రెండూ "బియ్యం" అనే ఒకే పేరు కింద రాస్తే లెక్క అక్కడే పోయింది.

కాంపోజిషన్‌లో ఉన్న కొట్టు కొనుగోళ్ల మీద కట్టిన పన్నును వెనక్కి పొందలేదు, కొనేవాళ్ల దగ్గర పన్ను విడిగా వసూలు చేయకూడదు, ఇచ్చే బిల్లు మీద ఆ సంగతి రాసి ఉండాలి. మూడు నెలలకొకసారి తర్వాతి నెల 18లోపు CMP-08 ఫారంతో పన్ను కట్టాలి, ఏడాదికొకసారి GSTR-4 రిటర్ను దాఖలు చేయాలి. పాత రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు ఈ పద్ధతిలోకి మారాలంటే ఆర్థిక సంవత్సరం మొదలయ్యేలోపే చెప్పాలి.

బిల్లుల సంగతి. నిల్వ లెక్క నుంచి తీసిన అమ్మకం కొట్టాయనకు నిజం చెబుతుంది గానీ చట్టం అడిగే బిల్లుకు బదులు కాదు. ఇక్కడ నిబంధనలోనే ఒక వెసులుబాటు ఉంది. 200 రూపాయల లోపు అమ్మకానికి, కొనేవాళ్లు రిజిస్టర్డ్ వ్యాపారి కాకుండా బిల్లు అడగకపోతే, విడివిడిగా ఇవ్వక్కర్లేదు. రోజు చివర అలాంటివన్నీ కలిపి ఒకే బిల్లు రాస్తే చాలు. ఇది తెలిస్తే సాయంత్రం ఏడు గంటల చిక్కు సగానికి పైగా విడిపోతుంది. పాలు, పెరుగు, పావుకిలో పప్పు కొన్నవాళ్లకు బిల్లు తీయనవసరం లేదు. నెల సామాన్ల చీటీ పట్టుకొచ్చేవాళ్లకు తీయాలి, వాళ్లకు సరుకు కట్టేలోపు బిల్లు కొట్టే తీరిక ఎలాగూ దొరుకుతుంది. ప్రింటర్ మీద గుడ్డ కప్పకుండా ఉండాలంటే మొదటి రోజు నేర్పవలసింది ఈ ఒక్క హద్దే.

లెక్క రాసేవాడు తన హద్దు కూడా తెలుసుకోవాలి. బిల్లులు ఎక్కించడానికి, పట్టికలు తయారుచేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కానీ వ్యాపారి తరఫున అధికారికంగా రిటర్నులు వేసి, నోటీసులకు జవాబివ్వాలంటే ఆడిటర్, లాయర్ లేదా నమోదైన జీఎస్టీ ప్రాక్టీషనర్ అయి ఉండాలి. బీకాం చదివినవాళ్లు అలా నమోదుకు దరఖాస్తు చేసుకోవచ్చు. అప్పటిదాకా ఊళ్లోని ట్యాక్స్ కన్సల్టెంట్‌తో కలిసి పనిచేయడం మేలు. సంచిలో కుక్కి తెచ్చే బిల్లుల బదులు శుభ్రమైన పట్టిక అందుతుంది కాబట్టి ఆయనకూ ఇది లాభమే.

ఈ రంగంలో తరచూ వినిపించే ఫిర్యాదు ఒకటుంది. రిజిస్ట్రేషన్ చేయించిన ఏజెంటు తన ఫోన్ నంబరు, తన ఈమెయిలే పోర్టల్‌లో పెట్టుకుంటాడు. రెండేళ్ల తర్వాత కొట్టాయన మనిషిని మారుద్దామనుకుంటే ఓటీపీ ఆ ఏజెంటుకే పోతుంది. కొత్తగా పనిలోకి దిగేవాళ్లు మొదటి రోజే కొట్టాయన నంబరు మీదే అన్నీ ఉన్నాయో లేదో చూసి, లేకపోతే మార్పించాలి.

స్టిక్కర్ అంటించిన తర్వాత

చిన్న కౌంటర్ల మీద ఇప్పుడు రెండు మూడు కంపెనీల సౌండ్‌బాక్సులు కనిపిస్తాయి. మోగేది ఒకటే, అద్దె మాత్రం అన్నిటికీ ఖాతాలోంచి కోత పడుతుంటుంది. ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి, ఈ కోతలకు రంగు పెన్నుతో గీత గీసి చూపించి, పనికిరాని పెట్టెలు తిరిగి ఇప్పించడం మొదటి వారంలోనే చేయగలిగిన మేలు.

రెండోది కొట్టు డబ్బు, ఇంటి డబ్బు విడదీయడం. కొట్టాయన సొంత యూపీఐకే అన్నీ వస్తుంటే చిట్టీ పాట డబ్బు, బావమరిది పంపిన అప్పు కూడా అమ్మకంలా కనిపిస్తాయి. వేరే ఖాతా, దానికి వ్యాపారి క్యూఆర్ పెట్టించాలి. కరెంట్ ఖాతాకు బ్యాంకు అడిగే కాగితాల్లో ఉద్యమ్ సర్టిఫికెట్ ఒకటి. 2021 జులై నుంచి చిల్లర వర్తకులకూ అది వస్తోంది. ఆధార్, పాన్ ఉంటే చాలు, ప్రభుత్వ పోర్టల్‌లో ఉచితం. నింపిపెట్టినందుకు కూలి తీసుకోవచ్చు గానీ అది ప్రభుత్వ రుసుము అని చెప్పడం మోసం.

మూడోది కాస్త లోతైనది. యాప్‌లో రోజు వసూలు 6,200 అని ఉంటుంది, మర్నాడు బ్యాంకులో పడింది 5,640. కొట్టాయన యాప్ తప్పుడు లెక్క అనుకుంటాడు. నిజానికి చెల్లింపుల కంపెనీ ద్వారా తీసుకున్న అప్పుకు రోజువారీ వాయిదా 560 ముందే కోసుకుని మిగిలింది వేస్తున్నారు. అమ్మకం రాసేటప్పుడు 6,200 రాయాలి, 560ని అప్పు కింద విడిగా రాయాలి. బ్యాంకులో పడినదే అమ్మకమనుకుంటే నెలకు దాదాపు 17,000 అమ్మకం లెక్కలోంచి మాయమై, పైన చెప్పిన తేడా పట్టికలో దొంగతనంలా తేలుతుంది. తేడా పెద్దగా కనిపించిన కొట్టులో ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే.

ఇక మోసాలు. తెర మీద "పేమెంట్ సక్సెస్" చూపించే నకిలీ యాప్‌లు ఉన్నాయి. అవతలివాళ్ల ఫోన్ చూసి సరుకు ఇవ్వకూడదు, పెట్టె మోగాలి లేదా సొంత యాప్‌లో కనిపించాలి. అంతకంటే బాధాకరమైనది ఖాతా నిలిచిపోవడం. ఎవరో సైబర్ మోసం చేసిన డబ్బుతో కొట్టులో సామాను కొంటారు. పోగొట్టుకున్నవాళ్లు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేస్తే ఆ డబ్బు చేరిన ఖాతాలన్నిటి మీదా బ్యాంకులు ఆంక్ష పెడతాయి, కొట్టాయన ఏ పాపం ఎరుగడు. ఆ తేదీ, ఆ సమయానికి ఆ మొత్తానికి ఏ సరుకు ఇచ్చారో బిల్లు ఉంటే జవాబు చెప్పుకోవడం సులువవుతుంది. తెలియని మనిషి ఒకేసారి వేలల్లో సరుకు కొంటే తప్పక బిల్లు కొట్టాలనడానికి ఇదొక కారణం.

పని చేసేవాడికి మిగిలేది

ఉదాహరణ కొట్టుకు నెలకు పట్టే కాలం చూద్దాం. అరవై బిల్లులు, ఒక్కోదానికి 5 నిమిషాలు, మొత్తం 5 గంటలు. వారానికొకసారి అరల లెక్క గంటన్నర చొప్పున 6 గంటలు. నెలాఖరు పట్టిక, ఉద్దెర పుస్తకం సరిచూడటం 2 గంటలు. మొత్తం 13. నెలకు 200 గంటలు పనిచేసినా తిరగడానికి, కొట్టాయన తీరిక కోసం బెంచీ మీద కూర్చోవడానికి పావు వంతు పోతుంది. మిగిలిన 150 గంటల్లో పట్టేవి 11 కొట్లు. కొట్టుకు 1,500 చొప్పున 16,500. ముప్పై నలభై కొట్లు ఒప్పుకుని రెండో నెలలోనే చేతులెత్తేసేవాళ్లు ఈ గుణకారం చేయనివాళ్లే.

సంపాదన పెరిగేది రుసుము పెంచితే కాదు, సరుకుల పట్టీ పెరిగితే. ఒకే వీధిలో, ఒకే డిస్ట్రిబ్యూటర్ల దగ్గర కొనే కొట్లలో సరుకులు చాలావరకు ఒకటే. మొదటి కొట్టుకు పేరు, బార్‌కోడ్, పెట్టెలో ముక్కలు, పన్ను రేటు అన్నీ జాగ్రత్తగా కట్టిన పట్టీ రెండో కొట్టుకు దాదాపు యథాతథంగా పనికొస్తుంది. అప్పుడు బిల్లుకు 3 నిమిషాలు, అరల లెక్కకు గంట చాలు. నెలకు 9 గంటలు, 16 కొట్లు, 24,000. అందుకే ఊరంతా చెల్లాచెదురుగా కాకుండా ఒకే బజారులో కొట్లు పట్టుకోవాలి. పంచుకోవలసింది పట్టీ మాత్రమే, ధరలు కాదు. ఎదురు కొట్టువాడికి నూనె ఎంతకు పడిందో నోరు జారి చెప్పిన రోజున ఆ బజారులో ఇద్దరూ తలుపు మూస్తారు.

రోజుకు మూడు వేలు అమ్మే కొట్టు ఈ నెలవారీ సేవకు తగదు. నెలకు 90 వేల అమ్మకం మీద పదివేల లోపే మిగిలే కుటుంబం దగ్గర వెయ్యిన్నర తీసుకోవడం న్యాయం కాదు, వాళ్లూ ఎక్కువ కాలం ఇవ్వలేరు. అలాంటి కొట్లకు మూడు నెలలకొకసారి సరుకు లెక్కపెట్టి, డేట్ సరుకు చీటీ రాసి, ఉద్దెర పుస్తకం కూడికలు సరిచేసి, ఆ రోజు కూలి తీసుకోవడం మంచిది.

యూపీఐ పిన్, ఓటీపీ ఎంత చనువున్నా అడగకూడదు. వసూళ్లు చూడటానికి వ్యాపారి యాప్‌లో విడిగా లాగిన్ ఇచ్చే వీలుంటే అది వాడాలి, లేకపోతే కొట్టాయనే నెలవారీ నివేదిక డౌన్‌లోడ్ చేసి పంపాలి. నెల చివర సరుకుల పట్టిక, కొనుగోళ్లు, ఉద్దెర బాకీలు ఉన్న ఎక్సెల్ ఫైలును కొట్టాయన వాట్సాప్‌కు పంపి, తేడా పట్టిక కాగితం మీద అచ్చువేసి సంతకం చేసి ఇవ్వాలి. మనిషి మారినా, యాప్ మారినా ఆ రెండిటితో తర్వాతి నెల మొదటి నిల్వ అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.